ఏడు గడులు గీశాం, చివరికి ఒక్కటే లెక్కకొచ్చింది

తూర్పు తీరంలోని ఒక పెట్రోల్ టెర్మినల్‌లో నేను సేఫ్టీ విభాగంలో చేరిన కొత్తలో, ఓడ నుంచి పెట్రోల్ దించుకునే ట్యాంకుకు బో-టై గీసే పని నాకు అప్పజెప్పారు. ట్యాంకు వ్యాసం 30 మీటర్లు. ఓడ పంపు గంటకు 700 ఘనపు మీటర్లు తోస్తుంది. అంటే లోపల మట్టం గంటకు దాదాపు మీటరు పెరుగుతుంది.

బో-టై అంటే మెడకు కట్టుకునే సీతాకోకచిలుకలాంటి టై ఆకారంలో ఉండే బొమ్మ. నడుమ ముడి, ఎడమవైపు ముప్పులు, కుడివైపు పర్యవసానాలు. ఒక్కో ముప్పు నుంచి ముడిదాకా ఒక గీత, దాని మీద వరసగా అడ్డుగోడలు ఉంటాయి. మా వాళ్లంతా వీటిని బ్యారియర్లు అనే అంటారు. ముడి తర్వాత, నష్టం దాకా వెళ్లే దారిలోనూ ఇలాంటి బ్యారియర్లే ఉంటాయి.

మొదటి రోజే నేను ముడి దగ్గర తప్పు చేశాను. నడుమ గడిలో ‘పేలుడు’ అని రాశాను. మా సీనియర్ చూసి, "పేలేసరికి ఆట అయిపోయింది కదా, ఇక ఎడమవైపు నువ్వు ఆపేది ఏముంది?" అన్నారు. ముడిలో ఉండాల్సింది పదార్థం మన అదుపు తప్పిన క్షణం. మా కేసులో అది ట్యాంకు నిండి పెట్రోల్ పైనుంచి పొర్లడం. పేలుడు, మంట, నేలలోకి ఇంకడం, ఇవన్నీ కుడివైపుకు పోవాలి. ఆ ఒక్క మార్పుతో బొమ్మంతా సర్దుకుంది.

ఎడమవైపు మేం రాసుకున్న ముప్పులు మూడు. మట్టం చూపే గేజ్ ఒకచోట నిలిచిపోవడం, వాల్వుల వరస తప్పి పెట్రోల్ వేరే ట్యాంకులోకి పోవడం, ట్యాంకులో ఎంత ఖాళీ ఉందో లెక్క తప్పడం. మొదటి గీత మీద ఏడు బ్యారియర్లు పెట్టాం: దించుకునే ముందు ఖాళీ లెక్క, గేజ్, గేజ్ హై అలారం, కంట్రోల్ రూమ్ ఆపరేటర్, రెండు గంటలకోసారి చేత్తో డిప్ కొలవడం, మట్టం మరీ పైకొస్తే పనిచేసేలా ట్యాంకు నెత్తిన ఉన్న విడి హై-హై స్విచ్, ఆ స్విచ్ ఇచ్చే అలారం. గోడకు అంటించిన కాగితం నిండిపోయింది. నాకు తృప్తిగానే అనిపించింది.

మరుసటి రోజు రాత్రి షిఫ్టు చేసే ఒక పెద్దాయనను కూర్చోబెట్టి బొమ్మ చూపించాం. ఆయన మొదటి గీత మీద వేలు పెట్టి, "సార్, గేజే నిలిచిపోయిందంటున్నారు కదా, మరి గేజ్ అలారం ఎక్కణ్ణుంచి మోగుతుంది? నేను చూసే తెర మీద కూడా ఆ అంకే కదా?" అని అడిగారు. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఆయన చెప్పిందే లోపా అనే పద్ధతికి ప్రాణం. లోపా అంటే రక్షణ పొరల లెక్క. బో-టైలో పనికొచ్చేది ఏదైనా బ్యారియర్‌గా గీసుకోవచ్చు. లోపాలో మాత్రం ఒక పొరకు మార్కు పడాలంటే అది ముప్పుతోనూ, మిగతా పొరలతోనూ సంబంధం లేకుండా తనంతట తాను ఆపగలగాలి. పనిచేస్తుందో లేదో పరీక్షించి చూడగలగాలి. గేజ్ నిలిచిపోవడమే ముప్పు అయినప్పుడు గేజ్, దాని అలారం, ఆ అంకె చూసే ఆపరేటర్ అందరూ ఒకేసారి గుడ్డివాళ్లవుతారు. గంటకు మీటరు చొప్పున మట్టం పెరుగుతుంటే, రెండు గంటలకోసారి వచ్చే డిప్ కొలతా ఆలస్యమే. ముందుగా వేసిన ఖాళీ లెక్క, ఎక్కడ ఆపాలో చెప్పే గేజే తప్పు చూపిస్తున్నప్పుడు దించుకోవడాన్ని ఆపలేదు. ఏడింటిలో చివరికి మిగిలింది స్విచ్, దాని అలారం. అవి రెండూ కలిపి ఒకటే పొర.

అలాగని గేజ్ అలారం పనికిరానిదని కాదు. వాల్వుల వరస తప్పిన రెండో గీత మీద గేజ్ బాగానే ఉంటుంది కాబట్టి అదే అలారానికి అక్కడ పూర్తి మార్కు పడుతుంది. ఒకే గడి ఒక గీత మీద లెక్కకొస్తుంది, పక్క గీత మీద రాదు. కాబట్టి ఒక్కో గీతనూ విడిగా నడిచి చూడాలి.

ఇంగ్లండ్‌లో బన్స్‌ఫీల్డ్ డిపో కథ ఆ రోజే మా సీనియర్ చెప్పారు. 2005 డిసెంబరు 11 తెల్లవారుజామున 912 నంబరు ట్యాంకులోకి పెట్రోల్ వస్తోంది. గేజ్ ఒకచోట నిలిచిపోయింది, ఆపరేటర్లకు మట్టం కదలనట్టే కనిపించింది. పైన విడి స్విచ్ ఉంది. కానీ దాన్ని పరీక్షించే లీవరును సరైన స్థానంలో పట్టి ఉంచే తాళం బిగించలేదు, దాంతో అది పనిచేయలేదు. పొర్లిన పెట్రోల్ ఆవిరి మేఘంలా పరుచుకుని, ఆరు గంటలప్పుడు పేలింది. నలభైమందికి పైగా గాయపడ్డారు. ఆదివారం కావడంతో ప్రాణనష్టం జరగలేదు. కాగితం మీద ఆ స్విచ్ గట్టి బ్యారియరే. దాన్ని బలహీనపరిచేది ఏమిటో కూడా గీయాలని నాకు అప్పుడు అర్థమైంది. మా బొమ్మలో స్విచ్ పక్కన చిన్న గీత గీసి ‘పరీక్ష తర్వాత బైపాస్ అలాగే వదిలేయడం’ అని రాశాం.

తర్వాత అంకెలు. గేజ్ తప్పుదారి పట్టడం పదేళ్లకోసారి అనుకున్నాం, అంటే ఏడాదికి 0.1. పొర్లిన ఆవిరికి నిప్పు తగిలే అవకాశం పదింట ఒకటి. రెండూ కలిపితే ఏడాదికి 0.01. స్విచ్ అలారం విని ఆపరేటర్ స్పందించేది పదిసార్లలో ఒకసారి విఫలమవుతుందనుకుంటే 0.001. మా కంపెనీ లక్ష్యం లక్షేళ్లకోసారి. ఇంకా వంద రెట్ల లోటు ఉంది.

ఆ స్విచ్‌నే ట్యాంకు వాల్వును దానంతటదే మూసేసే ట్రిప్‌గా మార్చి, వందసార్లకు ఒకసారి మాత్రమే విఫలమయ్యేలా కట్టిద్దామని నేనన్నాను. ఇన్‌స్ట్రుమెంట్ ఇంజినీర్ ఆపేశారు. "స్విచ్ ఒకటే. ట్రిప్పుకూ, అలారానికీ రెండు మార్కులు వేయలేం." ట్రిప్ ఒక్కటే ఉంచితే పదివేలేళ్లకోసారి వరకే వస్తాం. అందుకని అలారం కోసం విడిగా రెండో రాడార్ గేజ్ పెట్టించాం. అక్కడా ఒక మెలిక ఉంది. అలారం విన్న ఆపరేటర్ కూడా అదే వాల్వు మూస్తే, ఆ వాల్వు ఇరుక్కున్న రోజు రెండు పొరలూ కలిసి పోతాయి. కాబట్టి ఆపరేటర్ చేసే పనిని, వాకీటాకీలో ఓడకు చెప్పి పంపు ఆపించడంగా మార్చాం. పొర్లే మట్టానికి 500 మిల్లీమీటర్ల కింద అలారం పెట్టాం కాబట్టి ఆయనకు అరగంట దొరుకుతుంది.

కుడివైపు ట్యాంకు చుట్టూ ఉన్న గట్టు మీదా వాదన జరిగింది. ద్రవం పాకకుండా అది గట్టి బ్యారియరే. గోడ దాటి పోయే ఆవిరిని ఆపలేదు కాబట్టి పేలుడు గీత మీద నుంచి దాన్ని తీసేశాం. నేలలోకి ఇంకే గీత మీద ఉంచాం.

ట్రిప్ వాల్వు మూసుకునే సమయం బొమ్మలో 90 సెకన్లని రాశాం. చటుక్కున మూస్తే ఓడ వైపు పైపులో ఒత్తిడి దెబ్బ తగులుతుందని, నెమ్మదిగా మూసేలా పెట్టిందే అది. మొదటి పరీక్షలో స్విచ్‌ను నిజంగా నూనెలో ముంచి చూశాం. వాల్వు పూర్తిగా మూసుకోవడానికి 160 సెకన్లు పట్టింది. ట్రిప్ మట్టానికీ పొర్లడానికీ మధ్య 250 మిల్లీమీటర్లు, అంటే పావుగంట ఉంది కాబట్టి ప్రమాదమేమీ లేదు. గోడ మీది కాగితంలో 90 కొట్టేసి 160 అని రాసి, పక్కన ఆ రోజు తేదీ వేశాను.