గిన్నెలు ఎక్కడ దిగుతాయి?

ఆదివారం, రాత్రి

గ్రానైట్ కొలతలు రేపు పొద్దున్నకల్లా చెప్పమన్నాడు మేస్త్రీ. అందుకని ఈ రోజంతా కొత్త ఇంటి వంటగదిలోనే గడిచింది. గది చిన్నదేమీ కాదు. తూర్పు గోడ 12 అడుగులు, దానికి ఎదురుగా లోపలికి 10 అడుగులు. హాల్లోంచి వచ్చే గుమ్మం పడమర గోడకు ఉంది, పెరటి వరండాలోకి వెళ్లే గుమ్మం ఉత్తరం గోడ చివర ఉంది. డిజైనరు ఇచ్చిన బొమ్మలో తూర్పు గోడ పొడవునా గట్టు, అది ఆగ్నేయం మూల తిరిగి దక్షిణం గోడ వెంట మరికొంత దూరం వెళ్తుంది. పొయ్యి తూర్పు ముఖంగానే ఉంది కాబట్టి వాస్తు విషయంలో అత్తయ్యకు అభ్యంతరం లేదు.

ఆ బొమ్మ మీద పొయ్యి, సింకు, ఫ్రిజ్ కలుపుతూ ఎర్రగా ఒక త్రిభుజం గీసి ఉంది. మూడు భుజాలూ కలిపితే పదహారు అడుగుల పైచిలుకు. ఈ లెక్క 1940ల్లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రచారంలోకి తెచ్చినది. ఒక్కో భుజం 4 నుంచి 9 అడుగులు, మొత్తం 13 నుంచి 26 అడుగుల మధ్య ఉంటే మంచి వంటగది అంటారు. వంట చేసే మనిషి ఒక్కరే, ఆ మనిషి ఫ్రిజ్‌లోంచి తీసి, కడిగి, పొయ్యి మీద పెడుతుంది అనుకుంటే అది సరైన లెక్కే. మా ఇంట్లో ఏడుగురం. పొద్దున ఏడింటికి నేనూ అత్తయ్యా ఇద్దరం వంటగదిలో ఉంటాం. కూరగాయలు ఫ్రిజ్‌లోంచి ఒకేసారి బయటికి వస్తాయి, మళ్లీ దాని జోలికి వెళ్లేది పెరుగు కోసమే. మాకు నడక భారం కాదు. దించిన గిన్నె పెట్టడానికి చోటు లేకపోవడమే భారం.

అందుకే మనుషులను వదిలేసి గిన్నెల వెంట వెళ్లాను. మామూలు రోజు ఏడున్నరకు మా గట్టు మీద ఏముంటాయో రాసుకున్నాను. పొయ్యి మీద కుక్కరు, కూర బాణలి, పాలగిన్నె. అప్పటికే దిగినవి పప్పు, చారు, ఇడ్లీ పాత్ర. ఎక్కాల్సినవి పులుసు గిన్నె, పోపు మూకుడు. ఇవి కాక తరిగిన ముక్కల పళ్లెం, పచ్చడికి వేయించి చల్లార్చిన మిరపకాయలు, నానిన చింతపండు, మిక్సీ. పొయ్యి మీద మూడుంటే పొయ్యి పక్కన తొమ్మిది! మా గిన్నెలు సగటున పది అంగుళాల వెడల్పు. గట్టు లోతు 24 అంగుళాలు కాబట్టి రెండు వరుసలు పడతాయి. అయినా వెనక వరుసలోది తీయాలంటే కాగుతున్న బాణలి పక్కనుంచి చేయి చాపాలి. వేడివి ముందు వరుసలోనే ఉండాలి.

బొమ్మలో పొయ్యికీ సింకుకూ మధ్య రెండడుగులే వదిలారు. కడిగిన గిన్నెల బుట్ట ఒక్కటి పెడితే ఆ రెండడుగులూ నిండిపోతాయి. ఇక కూర తరిగేది ఎక్కడ?

సుద్దముక్కతో నేల మీద గట్టు అంచులు గీసి, పాత ఇంటి నుంచి గిన్నెలు తెచ్చి అసలు కొలతల్లో పేర్చాం. మా ఆయన టేపు పట్టుకున్నారు. తూర్పు గోడను ఉత్తరం నుంచి ఇలా పంచాం: ముందు 18 అంగుళాలు నీళ్లు ఓడే చోటు, 24 సింకుకు, 42 తరగడానికి, 30 పొయ్యికి, మూల దాకా మిగిలిన 30 దించుకోవడానికి. మొత్తం 144, అంటే 12 అడుగులూ సరిపోయాయి. మూల లోపలికి చేయి అందదు కనుక అక్కడ ఉప్పు జాడీ, నూనె క్యాను. వేడి గిన్నెలు దక్షిణం గట్టు మొదటి రెండడుగుల మీదికి వస్తాయి. పొయ్యి ముందు నుంచి కుడివైపు తిరిగితే చాలు, అడుగు కదపనక్కర్లేదు. ఆ రెండడుగులు దాటాక గ్రైండరు, మిక్సీ. గ్రైండరు బరువు పది కిలోల పైమాటే, దాన్ని కింది అరలో దాస్తే వారానికోసారి కూడా బయటికి రాదు. దాని స్థానం గట్టు మీదే, ప్లగ్గు దాని వెనకే.

ఫ్రిజ్‌ను ఉత్తరం గోడ దగ్గర నుంచి హాలు గుమ్మం పక్కకు మార్చాను. పిల్లలు మంచినీళ్ల సీసా కోసం వేడి కుక్కరు పట్టుకున్న మనిషి వెనక నుంచి దూరడం ప్రమాదం. ఇప్పుడు గుమ్మంలోనే తీసుకుని వెనక్కి తిరుగుతారు. దీంతో ఆ ఎర్ర త్రిభుజం ఇరవై రెండు అడుగులకు పెరిగింది. పెరగనివ్వండి!

సింకు గురించి మాట్లాడుతుంటే అత్తయ్య అసలు సంగతి పట్టుకున్నారు. "బియ్యం కడిగేదీ ఎంగిలి కంచాలు వేసేదీ ఒకే చోటైతే పనమ్మాయి వచ్చేదాకా నువ్వు కుళాయి కింద చేయి కూడా పెట్టలేవు" అన్నారు. నిజమే. పాత ఇంట్లో పొద్దున పాలగిన్నె, ఇడ్లీ రేకులు సింకులో పడ్డాక ఆకుకూర కడగడానికి స్నానాలగది కుళాయి దగ్గరికి వెళ్లేవాళ్లం. కాబట్టి లోపలి సింకు వంట నీళ్లకే. అంట్ల కోసం పెరటి వరండాలో మరో తొట్టి, లోతుగా, పెద్ద గుండిగ బోర్లా పట్టేంత వెడల్పుగా. తిన్న కంచాలు హాల్లోంచి గది పడమర అంచు వెంట నేరుగా అక్కడికే పోతాయి, పొయ్యి దగ్గరికి రానే రావు.

గట్టు ఎత్తు దగ్గర చాలాసేపు ఆగాం. మామూలుగా 34 అంగుళాలు పెడతామన్నాడు మేస్త్రీ. దాని మీద పొయ్యి ఇంకో ఐదు, ఆపైన గిన్నె. పులుసు కలిపేటప్పుడు అత్తయ్య మోచేయి భుజం దాకా లేస్తోంది. ఇటుకల మీద పలక పెట్టి, పైన పొయ్యి పెట్టి చూస్తే 32 దగ్గర ఆవిడకు హాయిగా ఉంది, నాకు తరగడానికి మాత్రం నడుము వంగుతోంది. పొయ్యి కింద వరకు పల్లం చేద్దామా అంటే ఆవిడ ఒప్పుకోలేదు. మెట్టు ఉంటే గిన్నె జరపలేం, తరిగే చోటి నీళ్లు పొయ్యి కిందికి వస్తాయి. రెండూ సరైన మాటలే. చివరికి గట్టంతా 32, తరిగే చోట నా కోసం రెండంగుళాల మందం చెక్క పలక అనుకున్నాం.

గది మధ్యలో ఖాళీగా మిగిలిన నేల చూసి డిజైనరు అక్కడ ఇంకో గట్టు వేయమని ఫోనులో చెప్పాడు. వద్దన్నాను. గోంగూర ఒలిచేటప్పుడు, ఆవకాయకు ముక్కలు కొట్టించి తుడిచేటప్పుడు మేము కూర్చునేది నేల మీదే. కత్తిపీట, చాట, ఇద్దరు మనుషులు కలిస్తే ఐదడుగుల చోటు పడుతుంది. అత్తయ్య కూర్చుని చూపించారు కూడా. ఆవిడ వెనక నుంచి నేను సింకుకూ పొయ్యికీ తిరుగుతుంటే ఎక్కడా తగల్లేదు.

రేపు మేస్త్రీ కంటే ముందు ప్లంబరుతో మాట్లాడాలి. వరండా తొట్టికి గొట్టం ఇంకా వేయలేదు, నేల పలకలు పరిచాక వేయాలంటే మళ్లీ పగలగొట్టాలి. గ్రైండరు ప్లగ్గు సింకు వైపు కాకుండా దక్షిణం గోడకే రావాలని ఎలక్ట్రీషియనుకు గోడ మీదే గుర్తు పెట్టి వచ్చాను.