పుట్టినరోజు కానుక కోసం తిరిగిన పది రోజులు: నా అనుభవం

ఆమెకూ నాకూ పరిచయమై ఐదు నెలలు. మా ఇద్దరి ఇళ్ళలోనూ ఇంకా ఏమీ చెప్పలేదు. మొన్న ఆదివారం ఆమె పుట్టినరోజు. నేను అమలాపురంలో ఉద్యోగం చేస్తున్నాను, ఆమె కొత్తపేట దగ్గర ఒక బడిలో పాఠాలు చెబుతుంది, తల్లిదండ్రులతో కలిసి ఉంటుంది. ఈ చివరి సంగతిని నేను మొదట్లో లెక్కలోకి తీసుకోలేదు, నా తప్పంతా అక్కడే మొదలైంది.

ఎంత ఖర్చు పెట్టాలన్నది తేల్చుకోవడం కష్టం కాలేదు. రెండు నెలల క్రితం ఆమె నాకు నాలుగు వందల రూపాయల పెన్ను ఇచ్చింది కనుక వెయ్యి దాటకూడదనుకున్నాను. ఉంగరం వద్దనుకోవడానికి నిమిషం పట్టలేదు, ఎందుకంటే మా వైపు ఉంగరమంటే నిశ్చితార్థమే.

చీర విషయంలో మాత్రం మోసపోయాను. ఆమెకు ఉప్పాడ జాందానీ ఇష్టమని తెలిసి, పెద్ద ఊళ్ళో ఒక పేరున్న దుకాణానికి వెళ్ళి, తక్కువ ధరలో నూలు చీర చూపించమని అడిగాను. అక్కడి మనిషి నన్ను కూర్చోబెట్టి, పక్కవాళ్ళందరికీ వినబడేలా "పెళ్ళికూతురికాండీ? ముహూర్తం ఎప్పుడండీ?" అని అడిగాడు. కాదంటే ఇంకేమి అడుగుతాడోనని నేను మాట్లాడలేదు. నా మౌనాన్ని అతను అవునన్నట్టు తీసుకుని, నూలు చీరలు పక్కకు నెట్టి, పట్టు చీరలు ఒకదాని మీద ఒకటి పరిచాడు. ధర అడిగిన ప్రతిసారీ "అమ్మాయిగారికి పెట్టేదానికి ధర చూడకూడదండీ" అన్నాడు. చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు నా వైపు చూస్తుంటే లేచి రాలేక, ఉప్పాడ పట్టని చెప్పిన ఒక చీరను ఏడు వేల ఎనిమిది వందలకు కొన్నాను. కొనుగోలుదారుని సిగ్గును ఆసరా చేసుకుని అమ్మడం వ్యాపారం కాదని నేను ఇప్పటికీ గట్టిగా నమ్ముతున్నాను.

ఇంటికి తెచ్చి మా అక్కకు చూపించాను. ఆమె చీర తిరగేసి, "ఒరే, ఇది జాందానీ కాదురా" అంది. జాందానీలో పువ్వుకు వేసే దారాన్ని నేతగాడు ఆ పువ్వు ఉన్నంత మేరే చేత్తో అటూ ఇటూ తిప్పుతాడు కనుక వెనక వైపు కూడా పువ్వు దాదాపు ముందు వైపులాగే శుభ్రంగా కనబడుతుంది. ఈ చీరలో దారం ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు పరుగెత్తింది, మధ్యలో దాన్ని కత్తిరించినందువల్ల వెనకంతా నూగులా మొనలు తేలాయి. మగ్గం మీద వారాల తరబడి కూర్చుని నేసే పట్టు జాందానీ ఆ ధరకు రావడం కష్టమని అక్క చెప్పాక గాని నాకు తట్టలేదు.

అసలు మాట అక్క ఆ తరువాత అడిగింది. "అసలైన జాందానీయే అనుకో, ఆ పిల్ల ఇంట్లో ఏమని చెప్పుకుంటుంది?" చీరకు జాకెట్టు కుట్టించాలి, ఫాల్ వేయించాలి, కట్టుకుని నలుగురిలోకి వెళ్ళాలి. ఎవరు పెట్టారని తల్లి అడగకుండా ఉండదు. మా దగ్గర చీర పెట్టడం పెద్దల మధ్య మాట నడిచాక జరిగే పని. ఆమె నాకు ఇంకా ఇవ్వని సమాధానాన్ని నేను పట్టు చీరతో అడిగినట్టయ్యేది. ఇంట్లో దాచలేని కానుక ఇచ్చేవాడికి సంతోషమే గాని, పుచ్చుకున్న మనిషికి అబద్ధమాడాల్సిన బరువు.

మర్నాడు దుకాణానికి తిరిగి వెళితే డబ్బు వాపసు ఇవ్వబోమన్నారు, బదులుగా మూడు నెలల్లో వాడుకోవలసిన చీటీ రాసిచ్చారు. మీరు ఇలాంటిచోట కొంటే, వాపసు సంగతి బిల్లు వెనక చదివాకే డబ్బు కట్టండి.

ఆ శనివారం సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కి నరసాపురం వెళ్ళాను. అక్కడ చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు ఇంటి పట్టున కూర్చుని సన్నని నూలు దారాన్ని కొక్కెం ఉన్న సూదితో ఉచ్చులు ఉచ్చులుగా అల్లి లేసు చేస్తారు. ఒకామె ఇంటి అరుగు మీద భుజానికి వేసుకునే లేసు సంచి దొరికింది, ఆరు వందల యాభై. లాగి చూస్తే అల్లిక వదలలేదు, చివర దారం లోపలికి పోనిచ్చి కట్టి ఉంది. మెత్తటి గుడ్డతో అస్తరు కూడా వేశారు. బడికి వేసుకుని వెళ్ళే వస్తువు కనుక ఎవరూ ప్రశ్నించరు, అడిగినా నరసాపురం నుంచి తెలిసినవాళ్ళు తెచ్చారంటే అది నిజమే.

ఇచ్చినప్పుడు ఆమె ముందు ధర అడిగింది. దాచకుండా చెప్పాను. "అయితే మీ పుట్టినరోజుకు నేనూ ఇంతలోనే చూస్తాను" అని అక్కడే పుస్తకాలు సంచిలోకి మార్చుకుంది. సోమవారం అదే సంచితో బడికి వెళ్ళిందట. చీటీ మీద ఇంకా ఎనభై రోజుల గడువుంది, అమ్మను తీసుకెళ్ళి ఆమెకు నచ్చిన నూలు చీరలు కొంటాను. ఈసారి వెనక వైపు తిప్పి చూశాకే బిల్లు వేయించుకుంటాను.