ఊట నుంచి ఊరికి నీటి లైను: లెక్క తేల్చింది మధ్యలో ఉన్న కనుమే

గుణదల కొండవాలులో మా ఇంటికి నీళ్లు పంపుతో ఎక్కాలి. నేను ఈ వేసవి నుంచి తీరిక దొరికినప్పుడల్లా కాగితం మీద గీస్తున్న లైనులో మాత్రం కరెంటు లేకుండా నీళ్లు వాటంతట అవే దిగాలి. మా వీధిలో వైరింగ్ పనులు చేసే కుర్రాడిది పాడేరు పైన కొండల్లో చిన్న ఊరు. "అన్నా, పైన ఊట ఉంది, ఎండల్లో కూడా ఆగదు. ఇంతెత్తు నుంచి పైపు వేస్తే రాదా?" అని అడిగాడు. వస్తుంది. అయితే ఎంత లావు పైపుతో వస్తుందో, మధ్యలో ఎక్కడ ఆగుతుందో చూడాలి. ఇప్పటిదాకా తేలింది రాస్తున్నాను.

మే నెలాఖరు: ఊట కొలత

ఊటను కొలవాల్సింది వానలకు ముందే. జూలైలో కొలిస్తే ఏ ఊటైనా గొప్పగానే కనిపిస్తుంది. మట్టితో చిన్న కట్ట వేసి, నీళ్లన్నీ ఒక పైపు ముక్కలోంచి పడేలా చేసి, 20 లీటర్ల బకెట్ పెట్టాం. నిండటానికి 55 సెకన్లు పట్టింది. అంటే సెకనుకు 0.36 లీటరు.

ఊళ్లో ఇప్పుడు 215 మంది ఉన్నారు. ముందు ముందు పెరిగేవాళ్లను కలుపుకొని 320 అనుకున్నాను. జల్ జీవన్ మిషన్ కొలత ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు వేస్తే 17,600 లీటర్లు. దారిలో కారిపోయేదానికి 15 శాతం కలిపితే 20,240. ఇరవై నాలుగు గంటలూ పారే లైను కాబట్టి సెకనుకు 0.23 లీటరు చాలు. నేను 0.25 పెట్టుకున్నాను. మిగిలింది ఊట దగ్గరే పొర్లి గెడ్డలోకి పోతుంది. అది పోవాలి కూడా, కింద మడులున్నవాళ్లు ఆ నీటి మీదే ఆధారపడ్డారు. ఈ మాట ఊళ్లో అందరూ కూర్చుని ముందే తేల్చుకున్నారు.

మట్టాలు

ఫోనులో చూపించే ఎత్తు ఇలాంటి పనికి పనికిరాదు. పది, పదిహేను మీటర్లు అటూ ఇటూ పోవడం దానికి మామూలే. మనకు కావలసిన తేడా అంతకన్నా తక్కువ. ఆటో లెవెల్ అద్దెకు తెచ్చి, పోయిన దారినే వెనక్కి కూడా కొలుచుకుంటూ వచ్చాం. బయల్దేరిన గుర్తు దగ్గరికి తిరిగి వచ్చేసరికి తేడా 14 సెంటీమీటర్లే ఉంది, కాబట్టి కొలత నమ్మదగ్గదే.

ఊట దగ్గరి తొట్టిని 100 మీటర్లుగా పెట్టుకుంటే దారి ఇలా ఉంది. ఊట నుంచి 600 మీటర్ల దూరంలో గెడ్డ దాటాలి, అక్కడ మట్టం 38. మళ్లీ ఎక్కి 950 మీటర్ల దగ్గర కనుమ దాటాలి, అక్కడ 91. అక్కడి నుంచి దిగితే 1500 మీటర్ల దగ్గర ఊరి ట్యాంకు, మట్టం 55.

కుర్రాడికీ వాళ్ల పెద్దలకూ కనిపించింది ఊటకూ ఊరికీ మధ్య ఉన్న 45 మీటర్ల తేడా. "అంత ఎత్తు ఉంటే సన్న పైపైనా పరుగెత్తుకొస్తుంది" అన్నారు. నాకు కనిపించింది కనుమ దగ్గర మిగిలే 9 మీటర్లు.

జూన్: కనుమ లెక్క

పైపులో నీరు పారుతున్నంతసేపూ రాపిడికి ఎత్తు ఖర్చవుతూ ఉంటుంది. ఆ ఖర్చుకు నేను వాడింది హేజెన్-విలియమ్స్ సూత్రం:

```
hf = 10.67 * L * Q**1.852 / (C**1.852 * d**4.87)
```

ఇక్కడ `L` పొడవు, `d` పైపు లోపలి వ్యాసం, `hf` ఖర్చయ్యే ఎత్తు; మూడూ మీటర్లలో వేయాలి. `Q` సెకనుకు ఘనపు మీటర్లలో, అంటే మనకు 0.00025. హెచ్‌డీపీఈ పైపుకు, దాని లోపలి నునుపును చెప్పే `C` 140 తీసుకున్నాను.

ముందు 32 ఎం.ఎం. పైపు వేసి చూశాను. లోపలి వ్యాసం 27 దాకా ఉంటుంది. కిలోమీటరుకు 10.5 మీటర్ల ఖర్చు వచ్చింది. ఊరి దాకా మొత్తం కలిపినా 16 మీటర్లు దాటదు, 45 మీటర్లు ఉన్నాయి, ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ కనుమ దాకా 950 మీటర్లకే 10 మీటర్లు ఖర్చు. అక్కడ ఉన్నవి 9. అంటే 0.25 లీటరు పారాలంటే కనుమ దగ్గర పైపు లోపలి పీడనం బయటి గాలి కన్నా తగ్గిపోవాలి. అప్పుడు నీటిలో కరిగిన గాలి బయటికొచ్చి అక్కడే పేరుకుంటుంది, వదులుగా ఉన్న జాయింటు బయటి గాలినీ, మురికినీ లోపలికి పీలుస్తుంది. తాగునీటి లైనులో ఇది అసలు ఒప్పుకోకూడని సంగతి.

40 ఎం.ఎం. వేస్తే లోపల 34 దాకా వస్తుంది. కనుమ దాకా ఖర్చు 3.25 మీటర్లు, మిగిలేది 5.75. ఇది బాగుంది.

తర్వాత వచ్చే చిక్కు చాలామంది చూడరు. అదే 40 పైపును ఊరి దాకా లాగితే, ట్యాంకు దగ్గర వాల్వు పూర్తిగా తెరిచినప్పుడు 45 మీటర్ల ఎత్తూ రాపిడిలో ఖర్చయ్యేదాకా నీరు లాగాలని చూస్తుంది. లెక్కకు సెకనుకు 0.8 లీటరు వస్తుంది. ఊట ఇచ్చేది 0.36. తొట్టి ఖాళీ అయి పైపు గాలి మింగుతుంది, కనుమ దగ్గర మళ్లీ అదే పీల్పు. వాల్వు అరతిప్పు తిప్పి ఉంచితే సరిపోతుంది అనుకోవచ్చు గానీ, నీళ్లు తక్కువ వస్తున్నాయని ఎవరో ఒకరు దాన్ని తెరవకుండా ఉంటారా?

అందుకే కనుమ దాటాక 550 మీటర్లకు 25 ఎం.ఎం. పైపు పెట్టాను, లోపల 20.5. అక్కడ 0.25 లీటరుకు ఖర్చు 22 మీటర్లు. ట్యాంకు దగ్గర ఇంకా 20 మీటర్ల దాకా మిగులుతాయి, వాటిని గ్లోబ్ వాల్వు తినేస్తుంది. వాల్వు బార్లా తెరిచినా మొత్తం లైను లాగేది 0.34 లీటరే, ఊట ఇచ్చేదానికి కాస్త లోపే. అప్పుడు కూడా కనుమ దగ్గర 3 మీటర్లు మిగులుతాయి. సన్న పైపు చవక అన్నది పక్కన పెట్టండి, ఇక్కడ అది కాపలా కాస్తోంది. ఈ ఫలితం వచ్చిన రోజు మా ఇంట్లో ఎవరికీ అర్థం కాకపోయినా అందరికీ చెప్పాను.

డాబా మీద చిన్న పరీక్ష

కాగితం మీద పీల్పు అంటే కుర్రాడికి నమ్మకం కుదరలేదు. డాబా మీద బకెట్ పెట్టి, తెల్లటి సన్న గొట్టాన్ని పెరట్లోకి దించి, మళ్లీ పిట్టగోడ దాకా ఎక్కించి వీధివైపు వదిలాం. మెరక దగ్గర గుప్పెడు పొడవు గాలి బుడగ చేరగానే ధార సన్నబడింది. కింద కొస కొంచెం నొక్కి పట్టి, మెరక దగ్గర సూదితో పొడిస్తే గాలి బుస్సున పోయి నీటి చుక్క వచ్చింది. కొస పూర్తిగా వదిలేసి పొడిస్తే సూది రంధ్రంలోంచి గాలి లోపలికి పోయింది. అదే పరీక్ష రేపు కనుమ దగ్గర కూడా చేయొచ్చు. అక్కడ కుళాయి తిప్పి అరచెయ్యి పెడితే, నీరు నెట్టితే లైను మంచిగా ఉన్నట్టు. చెయ్యి లోపలికి లాగితే కింద వాల్వు ఎక్కువ తెరిచి ఉన్నట్టు.

అందుకే కనుమ మీద ఎయిర్ వాల్వుకు బదులు మామూలు కుళాయే పెడుతున్నాం. పొలానికి పోయేవాళ్లు నీళ్లు పట్టుకున్నప్పుడల్లా పేరుకున్న గాలి కూడా పోతుంది. ఆటోమేటిక్ వాల్వులో ఇసుక రేణువు ఇరుక్కుంటే అది కారుతూనే ఉంటుంది, బాగుచేసేవాళ్లు ఆ కొండ మీద దొరకరు.

పైపుల కొనుగోలు

గెడ్డ దగ్గర నీరు కదలకుండా నిలిచినప్పుడు 62 మీటర్ల ఎత్తు నీటి పీడనం పడుతుంది, అంటే చదరపు సెంటీమీటరుకు 6 కేజీల పైన. పారుతున్నప్పుడు తగ్గుతుంది గానీ, ఎవరైనా కింద వాల్వు కట్టేస్తే నిండు పీడనమే. 6 కేజీల పైపును అంచు దాకా తీసుకెళ్లడం నాకిష్టం లేదు, 48 మీటర్లు దాటే చోటల్లా మార్చాలనుకున్నాను. గెడ్డకు ఇరువైపులా కలిపి 230 మీటర్లు 10 కేజీల పైపు వచ్చింది. దాని గోడ మందం కాబట్టి లోపలి దారి కొంచెం ఇరుకు. అందుకు కనుమ దగ్గర 35 సెంటీమీటర్లు తగ్గి 5.4 మిగిలింది. ట్యాంకు దగ్గర నిలకడ పీడనం 45 మీటర్లే కాబట్టి అక్కడ 6 కేజీలదే చాలు.

విజయవాడలో షాపుకు వెర్నియర్ తీసుకెళ్లి ప్రతి రకం పైపు లోపలి వ్యాసం కొలిచాను. షాపాయన నవ్వాడు, ఆ పైన తనే చుట్టలు విప్పి చూపించాడు. మనం చెప్పే 25, 32, 40 అన్నీ బయటి కొలతలు. లోపల ఒక్క మిల్లీమీటరు తగ్గితే సన్న పైపులో 22 మీటర్ల ఖర్చు 28 అవుతుంది. మా లైనులో అంత తగ్గినా ఇంకా 13 మీటర్లకు పైగా మిగులుతాయి.

ఇప్పుడు జరుగుతున్నది

గెడ్డ మీద మాత్రం జీఐ పైపు, రెండు ఒడ్డులా కాంక్రీటు దిమ్మలకు బిగించి. అక్కడే అన్నిటికన్నా పల్లం కాబట్టి ఒక టీ, గేటు వాల్వు పెడుతున్నాం. 40 పైపులో నీటి వేగం సెకనుకు 30 సెంటీమీటర్లు కూడా లేదు, ఇసుక అక్కడే దిగిపోతుంది. వానలు తగ్గాక ఆ వాల్వు తెరిచి కడుక్కోవాలి. ఊట తొట్టి పక్కన ఇసుక దిగే అర ఒకటి కడుతున్నాం గానీ, సన్న మట్టి దానికి ఆగదు.

మిగతా పైపంతా మూడడుగుల లోతున పూడ్చాలి. రాతి నేల వచ్చిన చోట కుర్రాళ్లు పైనే పరిచి రాళ్లు కప్పుదాం అన్నారు. ఆ వాలులో పోడు చేసేవాళ్లు ఎండల్లో నిప్పు పెడతారు, ప్లాస్టిక్ కరిగిపోతుంది. ఆ ముక్కల్లో జీఐ వేస్తున్నాం. కాఫీ పళ్ల తొక్క తీసే రోజుల్లో ఎవరైనా పైపుకు బెజ్జం పెట్టి నీళ్లు లాగకుండా చూడటం మాత్రం ఇంజనీరింగుతో కాదు, ఊరే చూసుకోవాలి.

ట్యాంకు సంగతి సులువు. పొద్దున మూడు గంటల్లో రోజు నీటిలో సగానికి దగ్గరగా వాడేస్తారనుకుంటే 5,000 లీటర్ల పైచిలుకు నిల్వ కావాలి. 5,000 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకులు రెండు పెడుతున్నాం, ఒకటి కడిగేటప్పుడు రెండోది నడుస్తుంది. క్లోరిన్ అక్కడే కలపాలి. చివరి కుళాయిలో లీటరుకు 0.2 మిల్లీగ్రాము మిగిలేలా బ్లీచింగ్ మోతాదు చూసుకోవాలి. ఊట తేటగా ఉంది కదా అని క్లోరిన్ మానేద్దాం అన్నవాళ్లకు, వానాకాలంలో పైవాలున పశువులు మేసే చోటు చూపించాను.

గ్లోబ్ వాల్వు మొదటిసారి సర్దేటప్పుడు పద్ధతి ఇది: ముందు కనుమ కుళాయి తెరిచి గాలంతా పోనిచ్చి, కట్టేసి, కింద వాల్వును కొద్దికొద్దిగా తిప్పుతూ ట్యాంకులో పడే ధార కింద బకెట్ పెట్టి చూడాలి. 20 లీటర్లు 80 సెకన్లలో నిండితే 0.25 వచ్చినట్టు. ఆ చోట వాల్వు చక్రం మీద పెయింటుతో గీత పెట్టి, హ్యాండిల్ తీసేసి ట్యాంకు చూసుకునే ఆమె చేతికి ఇవ్వాలి.