ముందు 80,000 ఆదా, మర్నాడు 80,000 దండగ: ఫ్లెక్సిబుల్ బడ్జెట్‌తో నా అనుభవం

నిన్న సాయంత్రం నా రిపోర్టు మీద ఎట్టకేలకు సంతకం పడింది. ఆ చిరాకు ఇంకా పోలేదు, పోకముందే రాసేస్తున్నాను. మాది ప్లాస్టిక్ క్రేట్లు తయారుచేసే ఫ్యాక్టరీ. ఖర్చుల లెక్కలు చూసే కాస్టింగ్ సెక్షన్‌లో చేరి నాకు ఏడాది కూడా కాలేదు. చదువుకునే రోజుల్లో కాస్టింగ్ పేపర్ అంటే నాకు నల్లేరు మీద నడక, ఆ పొగరు కూడా కొంచెం ఉండేది. ఇక్కడ చెప్పే అంకెలు తేలిగ్గా అర్థం కావడానికి గుండ్రంగా మార్చాను, జరిగింది మాత్రం ఇదే.

నెల ఖర్చులు లెడ్జర్ నుంచి తీయడం ఒక పూట పని, అందులో చెప్పుకోవడానికేం లేదు. బడ్జెట్ 10,000 క్రేట్లకు 8,00,000. ఆ నెల అసలు ఖర్చు 7,20,000. రెండూ పక్కపక్కన పెట్టి, 80,000 ఆదా అని ఆకుపచ్చ రంగులో వేసి, నెలవారీ మీటింగ్‌లో చూపించాను. పైగా చిన్నగా నవ్వాను కూడా.

జనరల్ మేనేజర్ గారు పెన్ను టేబుల్ మీద పెట్టి అడిగారు.

"ఎన్ని క్రేట్లు వచ్చాయి?"

"8,000 సార్."

"బడ్జెట్ ఎన్నింటికి?"

"10,000కి సార్."

"అంటే 2,000 క్రేట్లు చెయ్యకుండా మానేసి డబ్బు మిగిల్చామంటావు. అసలు ఒక్కటి కూడా చెయ్యకపోతే ఇంకా మిగిలేదిగా?"

ఎవరో వెనకనుంచి "అయితే వచ్చే నెల అందరం సెలవు పెట్టేద్దాం సార్" అన్నారు. గదంతా నవ్వు. నా స్లైడు మాత్రం అలాగే పచ్చగా వెలుగుతూ ఉంది, ఎలా మార్చాలో చేతులు ఆడలేదు.

ఆ రాత్రి కూర్చుని ఫ్లెక్సిబుల్ బడ్జెట్ వేశాను. 8,000 క్రేట్లు చేస్తే ఎంత ఖర్చు కావాలో ముందు లెక్కగట్టి, దానితో అసలు ఖర్చును పోల్చాలి. పుస్తకంలో వంద లెక్కలు చేసిందే. కానీ కంగారులో ఏం చేశానంటే, ఉత్పత్తి 80 శాతం కాబట్టి మొత్తం బడ్జెట్‌ని 80 శాతం చేసేశాను. 6,40,000 వచ్చింది. అసలు ఖర్చు 7,20,000. అంటే 80,000 దండగ! నిన్న ఆదా అన్న అంకే ఇవాళ దండగ. అప్పుడైనా అనుమానం రావాలి కదా, రాలేదు. పొద్దున్నే ఎర్ర రంగులో ప్రింటు తీసి ప్లాంట్ మేనేజర్ గారి దగ్గరికి పట్టుకెళ్లాను.

ఆయన కళ్లజోడు పైకి జరిపి, కాగితం చివరి వరసకి వెళ్లారు. అక్కడ అద్దె, సూపర్‌వైజర్ల జీతాలు, మెషిన్ల తరుగుదల కలిపి బడ్జెట్ 2,00,000 ఉండాల్సింది, నేను 1,60,000 చేశాను. అసలు ఖర్చు 2,05,000.

"క్రేట్లు తగ్గాయని బిల్డింగ్ ఓనరు అద్దె తగ్గిస్తాడా బాబూ? ఈ నెల నా జీతం కూడా 80 శాతమే వేస్తారా?"

మీటింగ్‌లో నవ్వారు, ఇక్కడ ఆయన నవ్వను కూడా నవ్వలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది. ఆ ఒక్క వరసలోనే చెయ్యని తప్పుకి ఆయన నెత్తిన 40,000 రుద్దాను.

మనకి నేర్పిన లెక్కల్లో "స్థిర ఖర్చు ఇంత, చర ఖర్చు ఇంత" అని ప్రశ్నలోనే ఇచ్చేస్తారు. ఆఫీసులో ఆ మాట చెప్పేవాడు ఉండడు. లెడ్జర్‌లో "విద్యుత్" అని ఒకటే ఖాతా ఉంటుంది, అది ఏ జాతిదో మనమే తేల్చుకోవాలి. ముడిసరుకు సులువు, క్రేట్‌కి 2 కిలోలు, కిలో 20 చొప్పున 40. కూలి మా దగ్గర పీస్ రేటు, క్రేట్‌కి 15. ఈ రెండూ ఎన్ని క్రేట్లయితే అంత. కరెంటు దగ్గరే ఇరుక్కుపోయాను, ఎందుకంటే లైట్లు, కూలింగ్ టవర్ క్రేట్లు వచ్చినా రాకపోయినా తిరుగుతాయి, మెషిన్ల హీటర్లేమో ఉత్పత్తిని బట్టి కాలుతాయి.

పాత బిల్లులు తీశాను. ఎక్కువ ఉత్పత్తి ఉన్న నెల 12,000 క్రేట్లు, బిల్లు 56,000. తక్కువ నెల 7,000 క్రేట్లు, బిల్లు 41,000. తేడా 5,000 క్రేట్లకి 15,000, అంటే క్రేట్‌కి 3. 7,000 క్రేట్లకి 21,000 పోతే మిగిలిన 20,000 కదలని ఖర్చు. ఇంత చిన్న లెక్కకి నాకు ఒక పూట పట్టింది. మొదట తీసుకున్న గరిష్ఠ నెల బిల్లులో అంతకుముందు నెలల బకాయి కలిసి ఉంది, దానితో కదలని ఖర్చు సున్నాకంటే కిందికి పోయింది! కాబట్టి ఈ పద్ధతి వాడేవాళ్లు ఆ రెండు నెలలూ మామూలు నెలలేనా అని బిల్లు తెరిచి చూడండి, లెడ్జర్ అంకెని నమ్మకండి. అకౌంట్స్ వాళ్లు "బిల్లులు ఫైల్లో ఉన్నాయి" అంటారు, ఆ ఫైలు ఎక్కడుందో మాత్రం చెప్పరు.

ఇక అసలు లెక్క. 8,000 క్రేట్లకి ముడిసరుకు 3,20,000, కూలి 1,20,000, కరెంటు కదలని 20,000తో కలిపి 44,000, అద్దె, జీతాలు, తరుగుదల 2,00,000. మొత్తం 6,84,000 కావాలి. అయింది 7,20,000. అంటే 36,000 ఎక్కువ. ఆదా కాదు, 80,000 దండగా కాదు. 8,00,000కీ 6,84,000కీ మధ్య ఉన్న 1,16,000 ఎవరి పొదుపూ కాదు, తక్కువ క్రేట్లు చేశాం కాబట్టి పుట్టని ఖర్చు అంతే. ఆర్డర్లు ఎందుకు తగ్గాయన్నది సేల్స్ వాళ్లని అడగాల్సిన ప్రశ్న.

ఆ 36,000లో 24,000 ఒక్క ముడిసరుకుదే. స్టోర్స్ స్లిప్పులు కూడితే 17,200 కిలోలు వాడారు, 8,000 క్రేట్లకి కావాల్సింది 16,000. ధర కిలో 20 దగ్గరే ఉంది. మరి 1,200 కిలోలు ఏమయ్యాయి? ఈసారి ప్రింటు తీయకుండా షాప్ ఫ్లోర్‌కి వెళ్లాను. మెషిన్ పక్కన డబ్బాలో సగం నీలం, సగం ఎరుపు కలిసిన ప్లాస్టిక్ ముద్దలు, ఇంకా వెచ్చగా ఉన్నాయి. రంగు మారినప్పుడల్లా పాత రంగు బయటికి నెట్టేదాకా వచ్చే ముద్దలవి, ఒక్కోసారికి దాదాపు 50 కిలోలు. ఒకే రంగైతే పొడి చేసి మళ్లీ వాడొచ్చు, ఇవి పనికిరావు. ఆ నెల చిన్న చిన్న ఆర్డర్లు రావడంతో రంగు మార్పులు అనుకున్నవాటికంటే 24 ఎక్కువ జరిగాయి. 24 సార్లు 50 కిలోలు, 1,200.

నా ఫ్లెక్సిబుల్ బడ్జెట్‌కి ఇది కనబడదు, ఎందుకంటే అది క్రేట్లు మాత్రమే లెక్కపెడుతుంది. ముద్దలు పెరిగేది క్రేట్లతో కాదు, రంగు మార్పులతో. అలాగే 12,000 దాటితే రెండో షిఫ్టు పెట్టాలి, ఇంకో సూపర్‌వైజర్ కావాలి, అప్పుడు ఆ 2,00,000 కూడా కదులుతుంది. అందుకే రిపోర్టు అడుగున "7,000 నుంచి 12,000 వరకే" అని రాశాను.

నిన్న ప్లాంట్ మేనేజర్ గారు కాగితం మొత్తం చదివి, రంగు మార్పులకి ఒక కాలమ్ పెట్టమన్నారు. జనరల్ మేనేజర్ గారు సంతకం పెట్టి కాపీ సేల్స్‌కి పంపమన్నారు. పంపాను. అక్కడినుంచి ఇంకా జవాబు లేదు. ఇవాళ స్టోర్స్‌లో కనుక్కుంటే, నెల సగం కాకముందే రంగు మార్పులు 19 అయ్యాయట.