మీటింగ్‌లో పరువు పోయిన వేడిలో రాసే మెయిల్

ముందు To గడి ఖాళీ చేయండి. కోపంలో చెయ్యి జారి Ctrl+Enter పడితే మెయిల్ వెళ్లిపోతుంది. జీమెయిల్‌లో వెనక్కి లాక్కునే గడువు ఎంత పెంచినా 30 సెకన్లే.

కడుపులో ఉన్నదంతా కక్కేయండి, పర్లేదు. రేపు పొద్దున దిద్దండి. "అందరి ముందు కావాలనే అవమానించారు" అన్నారనుకోండి, మేనేజర్ "నా ఉద్దేశం అది కాదు" అంటారు, వాదన అక్కడే ఆగిపోతుంది. ఉద్దేశం నిరూపించలేం, తేదీ నిరూపించగలం. కాబట్టి ఇలా:

"నిన్నటి రివ్యూలో రిపోర్ట్ ఆలస్యం నా వల్లే అన్నారు. డేటా నాకు మంగళవారం సాయంత్రం అందింది, ఆ మెయిల్ జతచేశాను. ఇలాంటివి ముందు నాతో విడిగా మాట్లాడితే బాగుంటుంది. ఇవాళ 15 నిమిషాలు కుదురుతుందా?"

"మీరెప్పుడూ ఇంతే" తీసేయండి, ఒక్కసారి మెచ్చుకున్నది చూపించినా మీ మాట వీగిపోతుంది. సీసీలో హెచ్‌ఆర్‌ని పెట్టారా, అది ఫిర్యాదే అయిపోతుంది.