ఒక్క ‘బి’ అక్షరం, నలుగురు ఇమాములు

అస్సలాము అలైకుమ్. మగ్రిబ్ తర్వాత జరిగే మన క్లాసులో ఈ రోజు వేరే పాఠం అనుకున్నాం. కానీ ఇందాక వజూ చేసే కుళాయిల దగ్గర జరిగిన మాట విన్నాక అది పక్కన పెట్టాను.

బార్కస్ నుంచి వచ్చిన ఒక తమ్ముడు వజూ చేసుకుంటున్నాడు. తడివేళ్లు నుదుటి పైన ముందు జుట్టుకు తాకించి, వెంటనే కాళ్లు కడుక్కున్నాడు. పక్కనున్న అబ్బాయి, “మస్హ్ సరిగ్గా చేయలేదు, నీ వజూ కాలేదు” అన్నాడు. “మా ఇంట్లో అందరం ఇలాగే చేస్తాం” అన్నాడు ఇతను. వాళ్ల పెద్దలు నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చినవాళ్లు, షాఫియీలు. మన ఊళ్లో మిగతావాళ్లం ఎక్కువగా హనఫీలం. అబ్బాయికి తెలిసింది ఒక్క పద్ధతే, పాపం.

వజూ ఆయత్ సూరా మాయిదాలో ఆరవది. ముఖం, మోచేతుల దాకా చేతులు కడుక్కోమన్నాక అల్లాహ్ “వమ్‌సహూ బిరుఊసికుమ్” అన్నాడు. ‘రుఊసికుమ్’ అంటే మీ తలలు. దాని ముందున్న ‘బి’ దగ్గరే అసలు ప్రశ్న. తలంతా తుడవాలా, కొంత చాలా?

మన తెలుగులోనే చూడండి. “గోడకు సున్నం వెయ్యి” అంటే గోడంతా వేస్తాం. “గోడకు చెయ్యి ఆనించు” అంటే అరచెయ్యి పట్టినంత మేరే ఆనిస్తాం. రెండింటిలోనూ ఉన్నది ‘కు’ ఒక్కటే. ఎంత మేర అన్నది ఆ ‘కు’ చెప్పదు, మనమే సందర్భాన్ని బట్టి తెలుసుకుంటాం.

ఇమామ్ మాలిక్ మొత్తం తల తుడవాలన్నారు. ఆ వైపు వాదం చాలా బలమైనది. నీళ్లు లేనప్పుడు చేసే తయమ్ముమ్ గురించి అదే ఆయత్‌లో “బివుజూహికుమ్” అని ఉంది, అక్కడా అదే ‘బి’. ముఖంలో కొంత తుడిస్తే చాలని ఎవరూ అనరు కదా! పైగా దైవప్రవక్త (స) తడిచేతులను ముందు నుంచి వెనక్కి, మళ్లీ ముందుకి తెచ్చారని అబ్దుల్లాహ్ బిన్ జైద్ హదీస్ ఉంది. ఇమామ్ అహ్మద్ మజహబ్‌లో ప్రసిద్ధమైన మాట కూడా ఇదే.

ఇమామ్ షాఫియీ దృష్టిలో ‘తుడిచారు’ అనిపించుకునేంత తుడిస్తే ఫర్జ్ తీరుతుంది, అది కొన్ని వెంట్రుకలైనా సరే. ఇమామ్ అబూ హనీఫా మజహబ్‌లో ఈ మాట కొలత చెప్పలేదు కాబట్టి ప్రవక్త (స) ఆచరణలో వెతకాలి. ఆయన ముందు జుట్టు మీద, తలపాగా మీద మస్హ్ చేశారని ముగీరా బిన్ షుబా చెప్పిన హదీస్ ఉంది. ఆ ముందు భాగాన్ని తలలో పావు వంతుగా లెక్కకట్టారు.

నలుగురి ముందూ ఉన్నది ఒకే ఆయత్. ఎవరూ దాన్ని పక్కన పెట్టలేదు. తలకు మస్హ్ ఫర్జ్ అన్నదాంట్లో తేడా లేదు, తలంతా తుడవడం మేలన్నదాంట్లోనూ లేదు. తేడా అంతా కనీసం ఎంత అన్న దగ్గరే.

ఇలాంటి తేడా సహాబీల కాలంలోనే వచ్చింది. కందక యుద్ధం తర్వాత ప్రవక్త (స), బనూ ఖురైజా దగ్గరికి చేరేదాకా ఎవరూ అస్ర్ చదవొద్దన్నారు. దారిలోనే వేళయింది. త్వరగా వెళ్లమనే ఆయన ఉద్దేశమని కొందరు దారిలోనే చదివారు. చెప్పింది చెప్పినట్టే చేయాలని మిగతావాళ్లు అక్కడికి చేరాకే చదివారు. విషయం తెలిశాక ఆయన ఎవరినీ తప్పుపట్టలేదు. నాకు ఈ సంఘటన చదివిన ప్రతిసారీ మనసు తేలికపడుతుంది.

“అయితే ఏది సులువైతే అది చేయొచ్చా?” అని వెనక నుంచి ఒక అక్క అడిగారు. ఒక మనిషి షాఫియీ పద్ధతిలో నాలుగు వెంట్రుకలు తుడిచి వజూ చేశాడనుకోండి. తర్వాత భార్య చెయ్యి తగిలింది. షాఫియీల దగ్గర దాంతో వజూ పోతుంది. అతనేమో హనఫీల దగ్గర పోదు కదా అని నమాజ్‌కు నిలబడ్డాడు. షాఫియీ ప్రకారం ఆ వజూ పోయింది. హనఫీ ప్రకారం పావు తల తడవలేదు కాబట్టి అసలు వజూయే కాలేదు. మాలిక్, అహ్మద్‌ల దగ్గర కూడా తలంతా తుడవలేదు. నలుగురిలో ఒక్కరి దగ్గరైనా నిలవని నమాజ్ అది. దీన్నే తల్‌ఫీఖ్ అంటారు, పండితులు వద్దన్నది దీన్నే.

ఇక కుళాయి దగ్గరి అబ్బాయి కోసం ఒక మాట. రక్తం కారితే వజూ పోతుందని ఇమామ్ అహ్మద్ అభిప్రాయం. పోదని నమ్మి, మళ్లీ వజూ చేయకుండా నమాజ్ చదివించే ఇమామ్ వెనుక మీరు నిలబడతారా అని ఆయన్ని అడిగారట. “మాలిక్ వెనుక, సయీద్ బిన్ ముసయ్యిబ్ వెనుక నేను నమాజ్ చదవకుండా ఎలా ఉంటాను?” అన్నారని గ్రంథాల్లో ఉంది.

ఇషాకు అజాన్ అవుతోంది. బార్కస్ తమ్ముడి పక్కన సఫ్‌లో చోటుంది, వెళ్లి నిలబడు నాన్నా.