ముహూర్తానికి ఐదు రోజుల ముందు: నా తలరంగు లెక్క

అక్క కూతురి పెళ్లి దేవుని కడపలో, ఆదివారం పొద్దున ముహూర్తం. నాకు పాపిటి దగ్గర, కణతల దగ్గర సగానికి పైగా నెరిసింది. గోరింటాకు పెట్టి, దాని మీద నీలి ఆకు పొడి పెట్టుకోవడం నాలుగేళ్లుగా అలవాటు. అయినా పోయినేడు ఒక గృహప్రవేశానికి ముందురోజు సాయంత్రం నీలి పెట్టుకుని తప్పు చేశాను. పొద్దున అక్క చూసి, "ఏమే, నెత్తి పచ్చగా కనపడతాందే!" అంది. ఎండలో తీసిన ఫోటోల్లో తెల్లవెంట్రుకలన్నీ పాచి రంగులో ఉన్నాయి. నుదుటి మీద మరక కూడా పోలేదు. అందుకే ఈసారి రెండు నెలల ముందే ఒకసారి పెట్టుకుని, రోజూ అదే కిటికీ దగ్గర, అదే టైముకు పాపిటి ఫోటో తీసి రాసుకున్నాను.

పెట్టుకున్న పద్ధతి ఇది. గోరింటాకు పొడి 100 గ్రాములు, నిమ్మరసం కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టాను. పొద్దున తలకు పట్టించి రెండు గంటలుంచి కడిగాను. తల తడిగా ఉండగానే నీలి పొడి 100 గ్రాములు గోరువెచ్చని నీళ్లలో, చిటికెడు ఉప్పుతో కలిపాను. నీలిని నానబెట్టకూడదు. పది, పదిహేను నిమిషాల్లో ముద్ద పైన నీలం పొర కడుతుంది, అప్పుడే పట్టించాలి. లోపల కూడా నల్లగా మారిందంటే దాని పని అయిపోయినట్టే, అది వెంట్రుకకు పట్టదు. గంటన్నర ఉంచి, షాంపూ లేకుండా నీళ్లతోనే కడిగాను.

మొదటి రోజు: తెల్లవెంట్రుకలు పచ్చగా. ఇది చెడిపోవడం కాదు. ఆకులోంచి వెంట్రుకలోకి దిగిన పదార్థం గాలి తగిలాకే నీలంగా మారుతుంది. కింద ఉన్న గోరింటాకు ఎరుపు కూడా రెండు మూడు రోజులు ముదురుతూనే ఉంటుంది. ఆ రెండూ కలిస్తేనే నలుపు. మధ్యలో షాంపూ పెడితే ఇంకా కుదురుకోని నీలి కొంత కొట్టుకుపోతుంది.

రెండో రోజు: పచ్చదనం పోయి నీలం ఛాయ. వెంట్రుక పట్టుకుంటే గరుకు. మెరుపు అసలు లేదు.

మూడో రోజు: ముదురు గోధుమ. రాత్రి కొబ్బరినూనె పట్టించాను.

నాలుగో రోజు పొద్దున కొంచెం షాంపూతో తలస్నానం. ఇక్కడ మా బోరు నీళ్ల సంగతి చెప్పాలి. సబ్బు నురగ రాదు, బకెట్ అంచుకు తెల్లటి చారలు కడతాయి. అదే సున్నం వెంట్రుక మీద కూడా పేరుకుని మెరుపును మసక చేస్తుంది. అందుకని చివరి రెండు చెంబులు తాగే క్యాన్ నీళ్లు పోసుకున్నాను. ఒక పక్క జడకు మామూలు బోరు నీళ్లే పోసి చూశాను. ఆరాక తేడా కంటికే తెలిసింది.

ఐదు, ఆరో రోజులు: అన్నిటికన్నా బాగున్నవి ఇవే. రంగు నిలకడగా నలుపు, గరుకు పోయింది, నుదుటి మరక లేదు.

పన్నెండో రోజు: పాపిటి వెంట తెల్లగీత. వెంట్రుక నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి అప్పటికి నాలుగు మిల్లీమీటర్లు వచ్చి ఉంటుంది. రంగు బాగున్నా కళ్లు ఆ గీత మీదికే పోతాయి. మరీ ముందుగా పెట్టుకోవడంలో నష్టం ఇదే.

దాంతో పెళ్లికి మంగళవారం ఖాయం చేసుకున్నాను. గురువారం రాత్రి నూనె, శుక్రవారం తలస్నానం, శనివారం ఏమీ లేదు.

మా వదినకు ఈ లెక్క పనికిరాదు. ఆమె వాడేది డబ్బాలో వచ్చే కెమికల్ డై. దాని రంగు ఆ పూటే తేలిపోతుంది. రెండు మూడు రోజుల ముందు చాలు, మాడు మీది మరక పోయి ఒక తలస్నానం అవడానికి. కానీ ఆమెకు ఒక ముందుపని ఉంది. పోయినసారి చెవుల వెనక దురద వచ్చింది. అందుకే పెట్టుకునే 48 గంటల ముందు మోచేతి మడతలో చుక్క రాసి చూడమన్నాను. ఎర్రబడితే ఆ డబ్బా జోలికి పోవద్దన్నాను. "బ్లాక్ హెన్నా" అని అమ్మే ప్యాకెట్లలోనూ ఆ డైలో ఉండే, దురద తెచ్చే పి.పి.డి. అనే రసాయనమే కలిసి ఉండొచ్చు, పేరు చూసి గోరింటాకే అనుకోకూడదు.

మంగళవారం పెట్టుకున్నాను. ఈసారి ముందే నుదుటి అంచున, చెవుల మీద కొబ్బరినూనె రాసుకున్నాను. ఆ రోజు మళ్లీ పచ్చగానే ఉంది, అయినా కంగారు పడలేదు. ఆదివారం గుడి ముందు ఎండలో అక్క నా పాపిటి దగ్గరికొచ్చి చూసి, "ఇప్పుడు సరిపోయింది, నాకూ పెట్టు" అంది. అక్కకు మొత్తం నెరిసింది కాబట్టి నీలి రెండుసార్లు పెట్టాల్సి రావచ్చు. ముందు దువ్వెనకు రాలిన వెంట్రుకల మీద పెట్టి మూడు రోజులు చూస్తాను.